బహిరంగ మార్గంలో రహస్య ఒప్పందం: డిఫీ–హెల్‌మన్ కీ వినిమయం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు వ్యక్తులు నలుగురూ వింటుండగా మాట్లాడుకొని, ఆ మాటల ద్వారానే తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన ఒక రహస్యాన్ని ఏర్పరచుకోగలరా? గూఢలిపి శాస్త్రం శతాబ్దాల పాటు ఈ ప్రశ్నను అడగనేలేదు. రహస్యంగా సంభాషించాలంటే ముందుగా ఒక రహస్యాన్ని పంచుకొని ఉండాలన్నది ఆ శాస్త్రానికి స్వతస్సిద్ధమైన నియమంగా ఉండేది. 1976 నవంబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించిన ‘న్యూ డైరెక్షన్స్ ఇన్ క్రిప్టోగ్రఫీ’ అనే పత్రం ఆ నియమాన్ని తోసిపుచ్చింది. ఐ.ఇ.ఇ.ఇ. వారి ‘ట్రాన్సాక్షన్స్ ఆన్ ఇన్‌ఫర్మేషన్ థియరీ’లో వెలువడిన ఆ పత్రంలోని పద్ధతినే నేడు డిఫీ–హెల్‌మన్ కీ వినిమయం అంటున్నారు.

ఈ పద్ధతి వల్ల అపరిచితుల మధ్య ముందస్తు విశ్వాసం అవసరమే లేకుండా పోయిందన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ అభిప్రాయం సగమే నిజం. ఇతరులు చదవకుండా దాచవలసిన వస్తువు స్థానంలో, ఇతరులు మార్చకుండా కాపాడవలసిన వస్తువును ఈ పద్ధతి నిలబెట్టింది. గోప్యత అనే భారం ప్రామాణికత అనే భారంగా మారింది. ఈ మార్పు ఎలా జరిగిందో, దాని పరిమితి ఎక్కడ బయటపడిందో చారిత్రక క్రమంలో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

1. కీ చేరవేత అనే చిక్కు

సంప్రదాయ గూఢలిపి పద్ధతిలో సందేశాన్ని మరుగుపరచడానికి, తిరిగి విప్పడానికి ఒకే కీ ఉపయోగపడుతుంది. ఆ కీ పంపేవారి దగ్గరా అందుకొనేవారి దగ్గరా ముందే ఉండాలి. రాయబార కార్యాలయాలు, సైనిక దళాలు ఇందుకోసం నమ్మకమైన దూతలను వినియోగించేవి. కీలున్న పుస్తకాలు, కాగితపు పట్టీలు, తరువాతి కాలంలో రంధ్రాల టేపులు మనుషుల చేతుల మీదుగా ప్రయాణించేవి.

సభ్యుల సంఖ్య తక్కువగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు సాగింది. ఒక సమూహంలోని ప్రతి ఇద్దరికీ వేర్వేరు కీ కావాలంటే, వేయిమంది ఉన్న సమూహానికి 4,99,500 కీలు అవసరమవుతాయి. సభ్యులు పదింతలయితే కీల సంఖ్య దాదాపు నూరింతలవుతుంది. 1970 దశకంలో కంప్యూటర్లు టెలిఫోను తీగల ద్వారా పరస్పరం అనుసంధానమవుతున్న దశలో ఈ లెక్క ఆచరణకు అందనిదిగా మారింది. ముందు పరిచయం లేని రెండు సంస్థలు అప్పటికప్పుడు వ్యాపార సంభాషణ జరపదలిస్తే, దూత కీ తెచ్చేవరకు ఆగడం సాధ్యం కాదు. సందేశం క్షణాల్లో చేరుతున్న చోట, దాన్ని కాపాడే కీ రోజుల తరబడి ప్రయాణించవలసి వచ్చేది. డిఫీ, హెల్‌మన్ పత్రం మొదట ప్రస్తావించిన ఇబ్బంది ఇదే.

2. తొలి సమాధానం: మెర్కిల్ చిక్కుముడులు

ఈ ప్రశ్నకు బహిరంగ పరిశోధనా రంగంలో తొలి సమాధానం ఒక విద్యార్థి నుంచి వచ్చింది. 1974లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న రాల్ఫ్ మెర్కిల్ ఒక తరగతి ప్రాజెక్టు కోసం తన ప్రతిపాదనను సమర్పించారు. అది ఆదరణకు నోచుకోలేదు. దాన్ని విస్తరించి 1975లో ఒక పత్రికకు పంపితే తొలుత తిరస్కరణే ఎదురైంది. చివరకు 1978లో అది ప్రచురితమైంది.

మెర్కిల్ ఆలోచన ఇది. ఒక వ్యక్తి పది లక్షల చిక్కుముడులను తయారుచేస్తాడు. ఒక్కొక్క ముడిలో ఒక గుర్తు సంఖ్య, ఒక కీ ఉంటాయి. ఒక్క ముడిని విప్పాలంటే సుమారు పది లక్షల ప్రయత్నాలు చేయవలసిరావడం వాటి లక్షణం. ఆ ముడులన్నీ బహిరంగంగా పంపితే, అవతలి వ్యక్తి వాటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకొని విప్పి, లోపలి గుర్తు సంఖ్యను మాత్రం బహిరంగంగా తిరిగి పంపుతాడు. ముడులు తయారుచేసిన వ్యక్తి తన జాబితాలో ఆ గుర్తుకు ఎదురుగా ఉన్న కీని చూసుకుంటాడు. ఆ క్షణం నుంచి ఇద్దరి వద్దా ఒకే కీ ఉంటుంది. చాటుగా వినేవాడికి గుర్తు సంఖ్య తెలిసినా, అది ఏ ముడిలో ఉందో తెలియదు. సగటున అతడు సగం ముడులను విప్పి చూడవలసి ఉంటుంది. అంటే ఇద్దరు మిత్రులు పది లక్షల మేర శ్రమిస్తే, అతడు ఐదు లక్షల ముడులను ఒక్కొక్కటీ పది లక్షల ప్రయత్నాలతో విప్పాలి.

ఈ ప్రతిపాదన ఒక సూత్రాన్ని స్థాపించింది. రహస్యం అంటే ఇతరులకు సమాచారం అందకపోవడమే కానక్కరలేదు. సమాచారమంతా అందినా దాన్ని విప్పే శ్రమ అసాధ్యంగా ఉంటే చాలు. అయితే మెర్కిల్ పద్ధతిలో మిత్రుల శ్రమకు, శత్రువు శ్రమకు ఉన్న అంతరం వర్గానికి మించి పెరగదు. వేగవంతమైన యంత్రాలున్న శత్రువు ముందు ఆ అంతరం చాలదు. అంతకంటే లోతైన అగాధం గల గణిత క్రియ ఒకటి కావలసి వచ్చింది.

3. ఘాతక్రియ అనే ఏకముఖ ద్వారం

డిఫీ 1974లో స్టాన్‌ఫర్డ్‌లో హెల్‌మన్‌ను కలుసుకున్నప్పటి నుంచి ఇద్దరూ ఇటువంటి క్రియ కోసం అన్వేషించారు. ముందుకు సులభంగా నడిచి, వెనుకకు తిరగడానికి వీలుకాని గణిత ప్రమేయాలను ‘ఏకముఖ ప్రమేయాలు’ అంటారు. ఒక ప్రధాన సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రమే తీసుకొనే అంకగణితంలో ఘాతక్రియ అటువంటిదని వారి సహచరుడు జాన్ గిల్ సూచించారు. 1976లో హెల్‌మన్ ఆ క్రియలోని మరొక గుణాన్ని కీ ఒప్పందానికి వినియోగించే మార్గాన్ని కనుగొన్నారు. ఒక సంఖ్యను మొదట ఒక ఘాతానికి, ఆ ఫలితాన్ని మరొక ఘాతానికి హెచ్చించినప్పుడు, ఘాతాల వరుస మార్చినా తుది ఫలితం మారదన్నదే ఆ గుణం. పాఠశాల బీజగణితంలోని ఈ చిన్న నియమమే మొత్తం పద్ధతికి ఆధారం.

ఒక చిన్న ఉదాహరణతో దీన్ని పరిశీలించవచ్చు. కమల, రఘు అనే ఇద్దరు అపరిచితులు 47 అనే ప్రధాన సంఖ్యను, 5 అనే ఆధారాన్ని బహిరంగంగా ఒప్పుకున్నారనుకుందాం. ఈ రెండూ అందరికీ తెలిసిన సంఖ్యలే. కమల 12 అనే సంఖ్యను, రఘు 19 అనే సంఖ్యను ఎవరికీ చెప్పకుండా తమ మనసులోనే ఉంచుకుంటారు. తరువాత ఒక్కొక్కరూ 5ను తమ రహస్య ఘాతానికి హెచ్చించి, 47తో భాగించగా వచ్చే శేషాన్ని బహిరంగంగా పంపుతారు.

```
కమల పంపేది:  5^12 mod 47 = 18
రఘు పంపేది:  5^19 mod 47 = 10

కమల లెక్క:   10^12 mod 47 = 32
రఘు లెక్క:   18^19 mod 47 = 32
```

రఘు పంపిన 10ని కమల తన రహస్య ఘాతం 12కు హెచ్చిస్తుంది. కమల పంపిన 18ని రఘు తన రహస్య ఘాతం 19కి హెచ్చిస్తాడు. ఇద్దరికీ 32 వస్తుంది. రెండు చోట్లా జరిగినది 5ను 12 × 19, అంటే 228వ ఘాతానికి హెచ్చించడమే. ఈ 32 అనే సంఖ్య మార్గంలో ఎక్కడా ప్రయాణించలేదు. ఏ ఒక్కరూ దాన్ని ఎంచుకోలేదు కూడా. అది ఇద్దరి ఎంపికల కలయికలో పుట్టింది. అందువల్ల దీన్ని ఒక రహస్యాన్ని చేరవేయడంగా కాక ఒక రహస్యాన్ని సృష్టించుకోవడంగా అర్థం చేసుకోవడం సమంజసం. ‘వినిమయం’ అన్న పేరు ఈ సూక్ష్మాన్ని కొంత మరుగుపరుస్తుంది.

చాటుగా వినేవాడి చేతిలో ఉన్నవి 47, 5, 18, 10 అనే నాలుగు సంఖ్యలు. అతడు 18ని 10తో గుణిస్తే 180 వస్తుంది. 47తో భాగిస్తే శేషం 39. కానీ గుణకారం వల్ల ఘాతాలు కూడుతాయి. 39 అన్నది 5 యొక్క 31వ ఘాతం మాత్రమే. అతడికి కావలసినది 228వ ఘాతం. తెలిసిన రెండు సంఖ్యలను ఎలా గుణించినా, భాగించినా ఘాతాల లబ్ధం దొరకదు. కనుక అతడు 18 అన్నది 5 యొక్క ఎన్నవ ఘాతమో కనిపెట్టాలి. దీన్నే వివిక్త సంవర్గమాన సమస్య అంటారు. 5 ఘాతాలను వరుసగా వేసుకుంటూపోతే 5, 25, 31, 14, 23, 21, 11, 8, 40, 12, 13, 18 అని వస్తాయి. పన్నెండవ అడుగులో 18 దొరుకుతుంది. అయితే ఈ వరుసలో ఆరోహణ గానీ అవరోహణ గానీ లేదు. మామూలు సంవర్గమానంలో సంఖ్య పెద్దదైతే ఘాతం పెద్దదని ఊహించవచ్చు. ఇక్కడ శేషం తీసుకోవడం ఆ క్రమాన్ని చెరిపివేస్తుంది. 13 దగ్గరకు వచ్చినవాడికి 18 పక్కనే ఉందని తెలిపే సూచన ఏదీ ఉండదు.

4. కాఠిన్యానికి కొలత, ఆ కొలతకు ఆయుర్దాయం

47 వంటి చిన్న సంఖ్యతో రక్షణ లేదన్నది స్పష్టం. సంఖ్య పెరిగేకొద్దీ మిత్రుల శ్రమ, శత్రువు శ్రమ ఎంత భిన్నంగా పెరుగుతాయన్నదే అసలు విషయం. 5 యొక్క పన్నెండవ ఘాతాన్ని వరుస గుణకారాలతో కనుక్కోనక్కరలేదు. 5ను వర్గం చేస్తే రెండవ ఘాతం, దాన్ని వర్గం చేస్తే నాలుగవది, మళ్లీ వర్గం చేస్తే ఎనిమిదవది వస్తాయి. ఎనిమిదవ, నాలుగవ ఘాతాలను గుణిస్తే పన్నెండవది సిద్ధం. ఈ విధంగా ఘాతం ఎంత పెద్దదైనా, దాన్ని ద్విసంఖ్యామానంలో రాస్తే వచ్చే అంకెల సంఖ్యకు రెట్టింపుకు మించని గుణకారాలతో పని పూర్తవుతుంది.

1976 పత్రంలో ఈ లెక్క కనిపిస్తుంది. ప్రధాన సంఖ్య 200 బిట్ల పొడవుంటే మిత్రులకు గరిష్ఠంగా 400 గుణకారాలు చాలు. సంవర్గమానం కనుక్కోవడానికి మాత్రం 2^100, అంటే సుమారు 10^30 క్రియలు అవసరమని రచయితలు అంచనా వేశారు. మెర్కిల్ పద్ధతిలోని వర్గ అంతరంతో పోలిస్తే ఇది వేరే కోవకు చెందిన అంతరం.

అయితే ఆ అంచనా అప్పటికి తెలిసిన అత్యుత్తమ పద్ధతిని ఆధారం చేసుకున్నది. సంవర్గమానం కనుక్కోవడం కష్టమని ఎవరూ నిరూపించలేదు. సులభమైన దారి ఎవరికీ దొరకలేదన్నదే ఆధారం. రచయితలు కూడా దీన్ని నిరూపితమైన కాఠిన్యంగా కాక, కనిపిస్తున్న కాఠిన్యంగానే పేర్కొన్నారు. ఆ జాగ్రత్త సకారణమేనని త్వరలోనే తేలింది. 1979లో లెనార్డ్ ఆడిల్‌మన్ వివరించిన పద్ధతి, సంఖ్యలను చిన్న ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, వాటి సంవర్గమానాల మధ్య సమీకరణాలు కూర్చి, శ్రమను బాగా తగ్గించింది. దాని వారసత్వంలో వచ్చిన సంఖ్యాక్షేత్ర జల్లెడ పద్ధతితో 2019లో ఒక పరిశోధక బృందం 795 బిట్ల, అంటే 240 దశాంశ అంకెల ప్రధాన సంఖ్యకు సంవర్గమానాన్ని సాధించింది. 1976లో అసాధ్యమనిపించిన 200 బిట్లు ఈనాడు రక్షణే కాదు. అందువల్లనే నేటి ప్రమాణాలు ఈ రూపంలో కనీసం 2048 బిట్ల ప్రధాన సంఖ్యలను కోరుతున్నాయి. ఈ రహస్యం శాశ్వతమైనది కాదు. దానికి ఆయుర్దాయం ఉంది. ఈనాడు రికార్డు చేసిన సంభాషణను రేపటి గణితంతో విప్పే అవకాశం ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

5. మరుగున ఉన్న సమాంతర చరిత్ర

డిఫీ, హెల్‌మన్‌లకు తెలియకుండానే ఇదే ప్రశ్నను బ్రిటిష్ ప్రభుత్వ గూఢసమాచార సంస్థ జి.సి.హెచ్.క్యూ.లో కొందరు అప్పటికే పరిశీలించారు. ముందుగా పంచుకున్న రహస్యం లేకుండా గూఢ సంభాషణ సూత్రప్రాయంగా సాధ్యమేనని 1970లో జేమ్స్ ఎల్లిస్ ఒక అంతర్గత నివేదికలో చూపారు. 1973లో క్లిఫర్డ్ కాక్స్ దానికి ఒక గణిత రూపం ఇచ్చారు. ఆయన సహోద్యోగి మాల్కం విలియమ్సన్ ఘాతక్రియతో కీ ఒప్పందం చేసుకొనే పద్ధతిని రూపొందించారు. ఈ పత్రాలు 1997 డిసెంబరు వరకు బయటకు రాలేదు. ఎల్లిస్ అంతకు కొద్దివారాల ముందే, నవంబరులో మరణించారు.

ప్రాథమ్యం ఎవరిదన్న చర్చ కంటే ఇక్కడ మరొక అంశం గమనార్హం. రహస్యంగా మిగిలిన ఆవిష్కరణపై బయటి గణితవేత్తలు దాడి చేయలేదు. దాన్ని సరిదిద్దనూ లేదు. స్టాన్‌ఫర్డ్ పత్రం అందరి ముందూ ఉన్నందువల్లనే మూడేళ్లలో ఆడిల్‌మన్ వంటివారు దాని బలాన్ని పరీక్షించగలిగారు. హెల్‌మన్ తరువాతి కాలంలో, 2002లో, మెర్కిల్ పాత్రను గుర్తిస్తూ ఈ పద్ధతిని డిఫీ–హెల్‌మన్–మెర్కిల్ వినిమయం అనాలని సూచించారు. 1980లో మంజూరైన అమెరికా పేటెంటులోనూ ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

6. బహిరంగ పుస్తకం నుంచి నడిమి మనిషి వరకు

ఈ పద్ధతిని నేడు ఇద్దరు వ్యక్తులు అప్పటికప్పుడు సంఖ్యలు పంపుకొనే సంభాషణగా బోధిస్తారు. 1976 పత్రంలోని చిత్రం కొంత వేరు. అందులో ప్రతి వ్యక్తీ తన బహిరంగ సంఖ్యను పేరు, చిరునామాతో పాటు ఒక బహిరంగ పుస్తకంలో నమోదు చేస్తాడు. రఘుతో మాట్లాడదలచిన కమల టెలిఫోను డైరెక్టరీ చూసినట్లు ఆ పుస్తకంలో రఘు సంఖ్యను చూసుకుంటుంది. ఆ పుస్తకాన్ని ఎవరైనా చదవవచ్చు. అయితే అనధికారంగా ఎవరూ మార్చకూడదు. అది అరుదుగా మాత్రమే మారుతుంది కనుక, దానిలో రాసే అధికారాన్ని పటిష్ఠంగా కాపాడటం ఆర్థికంగా సాధ్యమేనని రచయితలు వాదించారు.

ఈ వాదనలోనే విశ్వాసం స్థానాంతరం చెందడం కనిపిస్తుంది. పూర్వం దూత మోసిన పెట్టెను ఎవరూ తెరవకూడదు. ఇప్పుడు పుస్తకాన్ని ఎవరైనా తెరవవచ్చు, కానీ ఎవరూ దిద్దకూడదు. రెండవది మొదటిదాని కంటే తేలికైన భారమే. కానీ అది భారమే కాదనుకుంటే ఏం జరుగుతుందో పై ఉదాహరణతోనే చూడవచ్చు.

కమల, రఘుల మధ్య మార్గంలో ఒక మూడవ వ్యక్తి వినడంతో ఆగక, సందేశాలను ఆపి తనవి పంపగల స్థితిలో ఉన్నాడనుకుందాం. అతడు 7 అనే రహస్య ఘాతాన్ని ఎంచుకుంటాడు. 5 యొక్క ఏడవ ఘాతానికి శేషం 11. కమల పంపిన 18ని ఆపి రఘుకు 11 పంపుతాడు. రఘు పంపిన 10ని ఆపి కమలకూ 11నే పంపుతాడు.

```
కమల లెక్క:        11^12 mod 47 = 6
నడిమి మనిషి లెక్క:  18^7 mod 47 = 6

రఘు లెక్క:         11^19 mod 47 = 45
నడిమి మనిషి లెక్క:  10^7 mod 47 = 45
```

కమల దగ్గర 6, రఘు దగ్గర 45 ఉన్నాయి. నడిమి మనిషి దగ్గర రెండూ ఉన్నాయి. కమల సందేశాన్ని అతడు 6తో విప్పి, చదివి, 45తో మళ్లీ మూసి రఘుకు పంపుతాడు. అతడు ఏ సంవర్గమానాన్నీ కనుక్కోలేదు. 47 బదులు 2048 బిట్ల సంఖ్య ఉన్నా అతడి పని కష్టం కాదు. గణితం చెక్కుచెదరలేదు. కమల నిజంగానే ఒక వ్యక్తితో రహస్యాన్ని ఏర్పరచుకుంది. ఆ వ్యక్తి రఘు కాదు, అంతే. అపరిచితులిద్దరూ రహస్యం కుదుర్చుకోగలరు, కానీ ఆ ఒప్పందం తరువాత కూడా అపరిచితులుగానే మిగులుతారు.

ఈ మోసాన్ని పట్టుకొనే ఆధారం కూడా పై లెక్కలోనే ఉంది. మోసం జరగనప్పుడు ఇద్దరి దగ్గరా 32 ఉండేది. ఇప్పుడు ఒకరి దగ్గర 6, మరొకరి దగ్గర 45. రెండు వైపులా ఒకే సంఖ్య వచ్చేలా చేయడం నడిమి మనిషికి సులభసాధ్యం కాదు. కనుక నడిమి మనిషి అనుకరించలేని మరొక మార్గంలో, ఉదాహరణకు పరిచితమైన కంఠంతో టెలిఫోనులో, కీ నుంచి రాబట్టిన చిన్న గుర్తును పోల్చి చూసుకుంటే తేడా బయటపడుతుంది. కొన్ని సందేశ సాధనాల్లో కనిపించే భద్రతా సంఖ్యల పోలిక ఈ కోవకు చెందినదే. అయితే పరిచితమైన కంఠం ఉందంటే వారు పూర్తి అపరిచితులు కారు.

పూర్తి అపరిచితుల విషయంలో డిజిటల్ సంతకం రంగంలోకి వచ్చింది. 1978లో ఎం.ఐ.టి. విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ తన స్నాతక సిద్ధాంత వ్యాసంలో బహిరంగ పుస్తకాన్ని పుటలుగా విడదీశారనవచ్చు. ఒక వ్యక్తి పేరును, అతడి బహిరంగ సంఖ్యను జతచేసి, నమ్మకమైన సంస్థ సంతకం చేసిన పత్రమే ‘సర్టిఫికేట్’. దాన్ని ఎవరైనా ఎక్కడైనా చూపవచ్చు. మారిస్తే సంతకం చెడుతుంది. 1992లో డిఫీ, పాల్ వాన్ ఊర్షాట్, మైకేల్ వీనర్ ప్రచురించిన పద్ధతిలో ఇరువైపులవారూ మార్గంలో మారిన రెండు సంఖ్యలపైనా సంతకం చేస్తారు. నడిమి మనిషి 18 స్థానంలో 11ను ఉంచితే కమల సంతకం దానికి సరిపోదు.

7. సంతకం చేయని అక్షరం: 2015 ఉదంతం

మార్చరాని వస్తువు ఏదో సరిగా గుర్తించకపోతే సంతకం కూడా రక్షించలేదని 2015లో వెలుగులోకి వచ్చిన ‘లాగ్‌జామ్’ దాడి నిరూపించింది. దీని మూలం 1990 దశకపు అమెరికా ఎగుమతి నిబంధనల్లో ఉంది. బలమైన గూఢలిపి సాధనాల ఎగుమతిపై ఆంక్షలున్న ఆ కాలంలో, విదేశాల కోసం 512 బిట్ల ప్రధాన సంఖ్యతో పనిచేసే బలహీన శ్రేణిని వెబ్ భద్రతా ప్రమాణంలో చేర్చారు. ఆంక్షలు సడలిన తరువాత కూడా అనేక సర్వర్లలో ఆ శ్రేణి అలాగే మిగిలిపోయింది. పరిశోధకుల సర్వేలో, అత్యధిక సందర్శకులున్న పది లక్షల వెబ్‌సైట్లలో 8.4 శాతం ఈ దాడికి లోబడే స్థితిలో ఉన్నట్లు తేలింది.

దాడి క్రమం ఇది. బ్రౌజరు బలమైన శ్రేణిని కోరుతూ సందేశం పంపుతుంది. నడిమి మనిషి దాన్ని ఎగుమతి శ్రేణి కోరికగా మారుస్తాడు. సర్వర్ 512 బిట్ల ప్రధాన సంఖ్యను, తన బహిరంగ సంఖ్యను పంపి, వాటిపై సక్రమంగా సంతకం చేస్తుంది. కానీ ఆ సంతకం సంఖ్యలను మాత్రమే కప్పుతుంది. ఏ శ్రేణి కింద వాటిని పంపిందో చెప్పే భాగం సంతకం వెలుపల ఉంది. నడిమి మనిషి ఆ భాగాన్ని తిరిగి బలమైన శ్రేణిగా దిద్దుతాడు. బ్రౌజరు సంతకాన్ని సరిచూసి, నిజమైనదే కనుక అంగీకరిస్తుంది.

సంభాషణ చివర ఇరువైపులవారూ అంతవరకు జరిగినదంతా పోల్చిచూసుకొనే ఏర్పాటు ఉంది. అయితే ఆ పోలిక కొత్తగా ఏర్పడిన కీ మీదే ఆధారపడుతుంది. నడిమి మనిషి ఆలోగా 512 బిట్ల సంవర్గమానాన్ని సాధిస్తే కీ అతడి వశమవుతుంది. పోలిక సందేశాన్నీ అతడే కల్పించగలడు. అంత తక్కువ వ్యవధిలో అది ఎలా సాధ్యం? సంఖ్యాక్షేత్ర జల్లెడ పద్ధతిలో శ్రమలో అధికభాగం ప్రధాన సంఖ్య మీదే ఆధారపడుతుంది. ఒక్కొక్క సంభాషణలోని సంఖ్యల మీద కాదు. పరిశోధకులు ఒక ప్రధాన సంఖ్యకు సుమారు వారంపాటు ముందస్తు గణన చేశారు. ఆ తరువాత ఒక్కొక్క సంవర్గమానం ఒక నిమిషం పైచిలుకు కాలంలో దొరికింది. లోబడే సర్వర్లలో 82 శాతం ఒకే ప్రధాన సంఖ్యను వాడుతుండటం వల్ల, ఆ ఒక్క వారం శ్రమ వాటన్నిటికీ సరిపోయింది.

ఈ ఉదంతంలో రెండు తప్పిదాలు కలిశాయి. సంఖ్య చిన్నదవడం కాఠిన్యానికి సంబంధించిన తప్పిదం. శ్రేణి పేరు సంతకం బయట ఉండిపోవడం ప్రామాణికతకు సంబంధించినది. మొదటిది సర్వర్‌లో మిగిలిపోయినా, ఎవరూ కోరనంతవరకు నిద్రాణంగా ఉండేది. రెండవదే దాన్ని మేల్కొలిపింది. దిద్దుబాటు కూడా రెండు దిశల్లో జరిగింది. బ్రౌజర్లు చిన్న ప్రధాన సంఖ్యలను నిరాకరించడం మొదలుపెట్టాయి. 2018లో వెలువడిన వెబ్ భద్రతా ప్రమాణం టి.ఎల్.ఎస్. 1.3 ఎగుమతి శ్రేణిని పూర్తిగా తొలగించి, సర్వర్ సంతకం అంతవరకు జరిగిన సంభాషణ మొత్తాన్ని కప్పేలా నిర్దేశించింది.

ముగింపు

పై పరిశీలనలో డిఫీ–హెల్‌మన్ వినిమయం రెండు వేర్వేరు ఆధారాలపై నిలిచి ఉన్నట్లు తేలుతోంది. మొదటిది సంవర్గమానం కనుక్కోవడంలోని కాఠిన్యం. అది నిరూపితం కాదు. 1976లో చాలుననుకున్న 200 బిట్లు నేడు 2048 బిట్లుగా పెరిగిన తీరు దాని ఆయుర్దాయాన్ని సూచిస్తుంది. తగిన సామర్థ్యం గల క్వాంటం కంప్యూటరు ఉంటే ఈ సమస్య సులభమవుతుందని 1994లో పీటర్ షోర్ చూపారు. అందువల్లనే కాఠిన్యానికి వేరే గణితాన్ని ఆశ్రయించే కొత్త పద్ధతులు ఇప్పుడు ప్రమాణాలుగా వెలువడుతున్నాయి.

రెండవ ఆధారం, అందిన సంఖ్య అనుకున్నవారి నుంచే వచ్చిందన్న నిశ్చయం. 1976 నాటి బహిరంగ పుస్తకం, 1978 నాటి సర్టిఫికేట్, 1992 నాటి సంతకాలు, 2018 నాటి సంభాషణ సంతకం, ఇవన్నీ ఈ ఒక్క ప్రశ్నకే క్రమంగా విస్తరిస్తూ వచ్చిన సమాధానాలు. గణితాన్ని మార్చినంత మాత్రాన ఈ ప్రశ్న తొలగిపోదు; క్వాంటం దాడిని తట్టుకొనే పద్ధతిలోనూ నడిమి మనిషికి చోటు ఉంటుంది. దూత మోసిన పెట్టె చరిత్రలో కలిసిపోయింది. ఆ పెట్టెపై ఉండిన ముద్ర మాత్రం సర్టిఫికేట్ రూపంలో ప్రతి సంభాషణ ఆరంభంలోనూ నేటికీ పరీక్షకు వస్తూనే ఉంది.